చంకలో నోడ్స్ అన్నీ తీయించాలా, ఒకటి రెండు తీసి చూస్తే సరిపోతుందా?

రొమ్ము క్యాన్సర్ అని బయాప్సీలో తేలాక మన తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్ళలో ముందుగా వినిపించే మాట "సార్, ఉన్నవన్నీ తీసేయండి, మళ్ళీ రాకుండా ఉంటే చాలు" అనే. రొమ్ము ఉంచాలా తీసేయాలా అని కాస్తైనా మాట్లాడుకుంటారు గానీ చంక సంగతి ఎవరూ అడగరు. చంకలో నోడ్స్ మొత్తం తీసినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి తర్వాత చెయ్యి వాస్తుంది. గాజులు ఎక్కవు, రవిక చెయ్యి పట్టదు, ఆ వాపు ఒకసారి స్థిరపడితే పూర్తిగా పోవడం కష్టం. అందుకే చంక గురించి ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే అడగాలి.

ముందు అసలు విషయం. కాల్లో ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జలో బిళ్ళ కడుతుంది కదా, ఆ బిళ్ళే లింఫ్ నోడ్. ఒంట్లో ప్రతి భాగం నుంచీ లింఫ్ అనే పల్చటి ద్రవం సన్నటి నాళాల్లో పారి, ఒక వరుసలో నోడ్స్ గుండా పోతుంది. రొమ్ము నుంచి ఎక్కువ భాగం చంకకే వెళ్తుంది. క్యాన్సర్ కణాలు బయల్దేరినా మామూలుగా ఆ దారినే వచ్చి, ముందు వరుసలో ఉన్న ఒకటి రెండు నోడ్స్‌లో ఆగుతాయి. ఆ మొదటి నోడ్‌నే సెంటినెల్ నోడ్ అంటారు, దాన్ని తీసి పరీక్షించడమే సెంటినెల్ బయాప్సీ. తిరుమల కొండెక్కే వాహనం ఏదైనా అలిపిరి చెకింగ్ దాటి పోవాల్సిందే కాబట్టి, అక్కడ ఏమీ దొరకలేదంటే పైన వెతకాల్సిన పని చాలావరకు తగ్గినట్టే, ఇదీ అంతే. అయితే నడిచిపోయేవాళ్ళకి శ్రీవారి మెట్టు దారి కూడా ఉంది, అక్కడి నుంచి పోయినవాళ్ళు అలిపిరిలో కనబడరు. ఈ పరీక్ష తప్పే సందర్భాలు అలాంటివే, వాటి సంగతి కింద చెప్తాను.

ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు, ఆపరేషన్‌కి ముందు చంక ఎలా ఉందన్నది. చేత్తో చూసి ఊరుకోకూడదు, చంకకి అల్ట్రాసౌండ్ చేయాలి. అందులో అనుమానంగా కనబడిన నోడ్ ఉంటే సూదితో పరీక్ష చేసి తేల్చుకోవాలి. అక్కడే క్యాన్సర్ అని వచ్చేస్తే ఈ వ్యాసంలో సగం మీకు వర్తించదు.

తర్వాత, మిగతా వైద్యం ఏం అనుకుంటున్నారన్నది. రొమ్ము ఉంచి గడ్డ మాత్రమే తీసి రేడియేషన్ ఇస్తారా, రొమ్ము మొత్తం తీసేస్తారా, ముందే కీమో ఇస్తారా. చంక నిర్ణయం దీనితో ముడిపడి ఉంటుంది. చాలామంది రెండూ వేరు వేరు అనుకుంటారు.

ఇక మూడోది, ఆ ఆస్పత్రిలో ఏం ఉందన్నది. నోడ్‌కి చేరిన రేడియో మందుని పసిగట్టి మోగే గామా ప్రోబ్ అనే పరికరం, ఆ మందు ఇవ్వడానికి న్యూక్లియర్ మెడిసిన్ విభాగం, ఆపరేషన్ జరుగుతుండగానే నోడ్ చూసి చెప్పే పాథాలజిస్టు, వీటిలో ఏవి ఉన్నాయో బట్టి పద్ధతి మారుతుంది.

| దారి | ఎవరికి | చేతికి నష్టం | లోటు |
|---|---|---|---|
| నోడ్స్ మొత్తం తీయడం | చంకలో క్యాన్సర్ ముందే గట్టిగా కనబడినవాళ్ళకి | ఎక్కువ | వాపు, తిమ్మిరి, డ్రెయిన్ గొట్టం |
| సెంటినెల్ బయాప్సీ | చంక శుభ్రంగా కనబడిన తొలి దశ వాళ్ళకి | తక్కువ | కొద్ది మందిలో క్యాన్సర్ ఉన్నా లేదని రావొచ్చు |
| కింది చంక శాంప్లింగ్ | ప్రోబ్, రంగు సౌకర్యం లేని చోట | మధ్యస్థం | అవసరానికి మించి కొన్ని నోడ్స్ పోతాయి |
| చంక ముట్టకుండా వదిలేయడం | చిన్న గడ్డ, మంచి రకం, పెద్ద వయసు | దాదాపు లేదు | నోడ్ సమాచారం దొరకదు |

మొత్తం తీయడం

ఇందులో చంకలో మొదటి రెండు అంతస్తుల కొవ్వునీ నోడ్స్‌నీ కలిపి తీస్తారు, మామూలుగా పదికి పైనే నోడ్స్ వస్తాయి. కొన్ని రోజులు డ్రెయిన్ గొట్టం ఉంటుంది, తీశాక కూడా నీరు చేరొచ్చు. పై చెయ్యి లోపలి వైపు స్పర్శ తగ్గడం మామూలే, ఆ చర్మానికి వెళ్ళే నరం చంక మధ్యలోంచే పోతుంది. ఇదేదో పాతకాలపు పద్ధతి అని కొట్టిపారేయడానికి లేదు. నోడ్స్ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నా, రొమ్ము ఎర్రగా వాచి వచ్చే ఇన్‌ఫ్లమేటరీ రకమైనా, కీమో అయ్యాక కూడా నోడ్‌లో క్యాన్సర్ మిగిలినా, ఇప్పటికీ మామూలుగా ఇదే చేస్తారు. సమస్యల్లా ఏమీ లేని చంకకి కూడా దీన్నే చేసేయడంతోనే.

సెంటినెల్ బయాప్సీ

1992లో డొనాల్డ్ మోర్టన్ అనే అమెరికా సర్జన్ మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల్లో నీలం రంగు ఎక్కించి మొదటి నోడ్‌ని పట్టుకోవచ్చని చూపించాడు. రెండేళ్ళకి రొమ్ము క్యాన్సర్‌లోనూ ఆ పద్ధతి వచ్చింది. ఇప్పుడు జరిగేది ఇలా ఉంటుంది. ఆపరేషన్ రోజు ఉదయం గానీ ముందు రోజు సాయంత్రం గానీ చనుమొన చుట్టూ టెక్నీషియం అనే కొద్దిపాటి రేడియో మందు ఎక్కిస్తారు. ఆరు గంటల్లో దాని శక్తి సగమవుతుంది కాబట్టి ఇంట్లో పిల్లలకి ఏమవుతుందో అనే టెన్షన్ అక్కర్లేదు. మత్తు ఇచ్చాక నీలం రంగు ఎక్కించి, ఐదు నిమిషాలు రొమ్ముని మర్దన చేస్తారు. చంకలో చిన్న గాటు పెట్టి, నీలంగా కనబడినవీ, గామా ప్రోబ్ పెడితే బీప్ అని మోగినవీ తీస్తారు. ఎక్కువ మోగిన నోడ్‌తో పోలిస్తే పదో వంతుకి పైన మోగేవన్నీ తీయడం లెక్క. మామూలుగా ఒకటి నుంచి మూడు వస్తాయి.

మన దగ్గర చాలాచోట్ల వాడేది మెథిలీన్ బ్లూ, చవక. దాంతో మర్నాడు మూత్రం పచ్చగా నీలంగా వస్తుంది, రొమ్ము చర్మం కొన్ని వారాలు నీలంగా ఉండొచ్చు, కంగారు పడొద్దు. కానీ రెండు విషయాలు ముందే చెప్పాలి. డిప్రెషన్‌కి మాత్రలు వాడుతుంటే చెప్పాలి, కొన్ని మాత్రలతో ఈ రంగు కలిస్తే ప్రమాదం. జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్నా చెప్పాలి, వాళ్ళకి రక్తకణాలు పగిలిపోవచ్చు. ఫారంలో ఈ ప్రశ్న లేకపోయినా మీరే నోరు తెరిచి చెప్పండి.

నమ్మొచ్చా అంటే, బి-32 అనే ట్రయల్‌లో 5,600 మందికి పైగా స్త్రీలలో దీన్ని మొత్తం తీయడంతో పోల్చారు. సెంటినెల్ నోడ్ బాగుందని అక్కడితో ఆపినవాళ్ళూ, బాగున్నా మొత్తం తీయించుకున్నవాళ్ళూ ఒకేలా బతికారు. అదే ట్రయల్‌లో, చంకలో నిజంగా క్యాన్సర్ ఉన్నవాళ్ళలో దాదాపు 10 శాతం మందికి సెంటినెల్ నోడ్ మాత్రం శుభ్రంగా వచ్చింది. శ్రీవారి మెట్టు దారిలో పోయినవాళ్ళు వీళ్ళే. ఆ అంకె చూసి భయపడేవాళ్ళు అడగాల్సింది ఒకటుంది, నోడ్ బాగుందని అక్కడితో ఆపినవాళ్ళకి తర్వాత చంకలో క్యాన్సర్ తిరిగి వచ్చిందా అని. చాలా అరుదుగా, ఒక శాతం లోపే. మిగిలిన కణాలని కీమో, హార్మోన్ మాత్రలు, రేడియేషన్ పట్టుకున్నాయి అన్నమాట.

నోడ్ పాజిటివ్ వస్తే?

అసలు గందరగోళం ఇక్కడే. పాజిటివ్ అనగానే మొత్తం తీయాలి అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఒక కేసు వేసుకుని చూద్దాం.

పూతలపట్టు వైపు పాల ఆవులు పెట్టుకున్న ఒక అక్క అనుకోండి, 54 ఏళ్ళు. ఎడమ రొమ్ములో 2.4 సెంటీమీటర్ల గడ్డ. చంక అల్ట్రాసౌండ్ మామూలుగానే ఉంది. బయాప్సీలో హార్మోన్ పాజిటివ్, హెర్-2 నెగటివ్, అంటే హార్మోన్ మాత్రలు పనిచేసే రకం. రోజూ రెండు పూటలా చేత్తో పాలు పిండే మనిషి, చెయ్యి పోతే ఇల్లు గడవదు. రొమ్ము ఉంచి గడ్డ తీయడానికి ఒప్పుకుంది. సెంటినెల్ నోడ్స్ మూడు తీశారు, ఒకదాంట్లో 3.5 మిల్లీమీటర్ల క్యాన్సర్ ఉందని రిపోర్ట్.

ఈమె పరిస్థితి సరిగ్గా జెడ్-0011 అనే ట్రయల్‌లో చూసిందే. గడ్డ 5 సెంటీమీటర్ల లోపు, చేతికి నోడ్ తగలదు, రొమ్ము ఉంచి మొత్తం రొమ్ముకి రేడియేషన్, పాజిటివ్ నోడ్స్ ఒకటో రెండో. అలాంటి 891 మందిలో సగం మందికి మిగతా నోడ్స్ తీశారు, సగం మందికి వదిలేశారు. తీసినవాళ్ళలో 27 శాతం మందికి ఇంకా వేరే నోడ్స్‌లో కూడా క్యాన్సర్ కనబడింది. అంటే వదిలేసినవాళ్ళలో కూడా అంతమందికి లోపల మిగిలే ఉంటుందని లెక్క. పదేళ్ళ తర్వాత చూస్తే, చంక చుట్టుపక్కల తిరిగి వచ్చింది వదిలేసినవాళ్ళలో 1.5 శాతం, తీసినవాళ్ళలో 0.5 శాతం. బతికి ఉన్నవాళ్ళు వదిలేసిన వైపు 86.3 శాతం, తీసిన వైపు 83.6 శాతం. మిగిలిపోయింది కత్తితో తీయకపోయినా ప్రాణానికి నష్టం రాలేదు. అందుకే మన అక్కకి మళ్ళీ చంక తెరవక్కర్లేదు, రేడియేషన్, ఆమెకి సరిపోయే మందులు చాలు.

ఇదే అక్క "రేడియేషన్‌కి మూడు వారాలు తిరుపతికి ఎవరు తిప్పుతారప్పా, రొమ్ము తీసేయండి" అందనుకోండి. మన వైపు ఇది నిజంగా జరిగేదే, బస్సు ఖర్చు, ఇంటి దగ్గర ఆవులు, తోడు రావడానికి మనిషి లేకపోవడం. అప్పుడు లెక్క మారిపోతుంది. జెడ్-0011లో రొమ్ము తీసేసినవాళ్ళు లేరు. రేడియేషన్ లేకుండా పాజిటివ్ నోడ్ వదిలేస్తే మిగిలిన కణాలకి అడ్డేదీ ఉండదు. కాబట్టి ఆమెకి చంకలో నోడ్స్ తీయడమో, చంకకి రేడియేషన్ ఇవ్వడమో కావాలి. ఈ రెండింటినీ పోల్చింది అమరోస్ ట్రయల్. ఐదేళ్ళలో చంకలో తిరిగి రావడం రెండింటిలోనూ చాలా తక్కువ, ఆపరేషన్‌తో అర శాతం లోపు, రేడియేషన్‌తో 1.2 శాతం దాకా. చెయ్యి వాపు మాత్రం ఆపరేషన్ వైపు 23 శాతం, రేడియేషన్ వైపు 11 శాతం. మూడు వారాల ప్రయాణం తప్పించుకోవడానికి రొమ్ము తీయించుకుంటే, నోడ్ పాజిటివ్ వచ్చిన రోజు ఆ ప్రయాణమో, చంక మొత్తం తీయడమో మళ్ళీ ఎదురొస్తుంది. నా ఉద్దేశంలో ఈ లెక్క ఆపరేషన్‌కి ముందే డాక్టర్ కూర్చోబెట్టి చెప్పాలి, చెప్పకపోతే మీరే అడగండి.

రిపోర్ట్‌లో మిల్లీమీటర్లు కూడా చూసుకోండి. 0.2 మిల్లీమీటర్ల లోపైతే విడి కణాలు, దాన్ని నెగటివ్‌గానే లెక్కేస్తారు. 0.2 నుంచి 2 దాకా ఉంటే మైక్రో, దాని కోసం మిగతా నోడ్స్ తీయరు. అలాగే, ఆపరేషన్ మధ్యలో చేసే ఫ్రోజెన్ పరీక్షలో బాగుందని చెప్పి, వారం తర్వాత పూర్తి రిపోర్ట్‌లో పాజిటివ్ రావడం జరుగుతుంది. ఎవరో తప్పు చేశారని కాదు, ఫ్రోజెన్‌లో కొన్ని ముక్కలే చూడగలరు.

ప్రోబ్ లేని చోట, అసలు వద్దనుకున్న చోట

అన్ని ఆస్పత్రుల్లో ప్రోబ్ ఉండదు. నీలం రంగు ఒక్కటే వాడి అలవాటున్న సర్జన్ చేస్తే కూడా చాలామందిలో నోడ్ దొరుకుతుంది, రెండూ కలిపితే ఇంకా మేలు. ముంబైలోని టాటా మెమోరియల్ సర్జన్లు ఇంకో దారి చూపించారు. చంక అడుగు భాగంలో, ముందు చెప్పిన నరానికి కింద ఉన్న కొవ్వునీ నోడ్స్‌నీ తీసి పరీక్షించడం. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. మొత్తం తీసేయడం కన్నా ఇది ఎంతో నయం, కానీ ప్రోబ్ అందుబాటులో ఉంటే సెంటినెల్‌కే నా ఓటు.

చంక అసలు ముట్టకపోవడం ఈమధ్య ఊపందుకున్న దారి. సౌండ్ అనే పేరున్న ట్రయల్‌లో 2 సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి, అల్ట్రాసౌండ్ మామూలుగా ఉన్నవాళ్ళకి నోడ్ పరీక్షే చేయకపోయినా ఫలితం తేడా రాలేదు. యాభై దాటి, నెలసరి ఆగిపోయి, హార్మోన్ పాజిటివ్, హెర్-2 నెగటివ్ ఉన్న చిన్న గడ్డ, గ్రేడ్ తక్కువ, రొమ్ము ఉంచి రేడియేషన్ తీసుకునేవాళ్ళైతే ఇది అడగదగ్గ ప్రశ్నే. ఒక చిక్కుంది. ఇది పూర్తిగా అల్ట్రాసౌండ్ చేసే మనిషి నైపుణ్యం మీద నిలబడ్డ నిర్ణయం. రొమ్ము స్కాన్‌లో చంక గురించి ఒక్క లైన్ కూడా రాయని రిపోర్ట్ పట్టుకుని ఇది తీసుకోకండి.

కీమో ముందే ఇచ్చేవాళ్ళ సంగతి కొంచెం వేరు. నోడ్ పాజిటివ్ అని తేలినప్పుడు కీమోకి ముందే దాంట్లో చిన్న క్లిప్ పెట్టించాలి. కీమో అయ్యాక ఆ క్లిప్ ఉన్న నోడ్‌తో కలిపి కనీసం మూడు తీసి, రంగూ రేడియో మందూ రెండూ వాడి చూస్తేనే ఫలితం నమ్మదగ్గది. క్లిప్ పెట్టకుండా కీమో మొదలుపెడితే తర్వాత ఆ నోడ్ ఏదో గుర్తించడం కష్టం.

మెలనోమాలో లెక్క వేరు

మన దేశంలో మెలనోమా ఎక్కువగా అరికాల్లో, గోరు కింద నల్ల మచ్చలా వస్తుంది. ఆనె అనో ముల్లు మిగిలిపోయిందనో అనుకుని నెలలు గడిచిపోతాయి. ఇక్కడ మొదట అడగాల్సిన అంకె మందం, బయాప్సీ రిపోర్ట్‌లో బ్రెస్లో మందం అని మిల్లీమీటర్లలో ఉంటుంది. 0.8 లోపు ఉండి పైన పుండు పడకపోతే నోడ్ పరీక్ష సాధారణంగా అక్కర్లేదు. 0.8 నుంచి 1 దాకా, లేదా అంతకన్నా పలచన అయినా పుండు పడి ఉంటే మాట్లాడుకోవాలి. 1 దాటితే చేయించుకోమనే చెప్తారు.

రొమ్ముకీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఏంటంటే వరుస. మెలనోమాలో మచ్చ చుట్టూ వెడల్పుగా చర్మం తీసేశాక దారులు తెగిపోతాయి, తర్వాత నోడ్ వెతికితే తప్పుదారి చూపొచ్చు. అందుకే చిన్న బయాప్సీ ముందు, వెడల్పు ఆపరేషనూ నోడ్ పరీక్షా ఒకేసారి. ఎక్కడో చిన్న నర్సింగ్ హోమ్‌లో "ఏదో మచ్చ" అని ముందే వెడల్పుగా కోసేసి పంపిన కేసులు ఇక్కడే చిక్కుల్లో పడతాయి. నీలం రంగు ఒక్కటి ఇక్కడ చాలదు, రేడియో మందుతో స్కాన్ తీయాలి. అరికాలి నుంచి గజ్జకే కాదు, కొందరికి మోకాలి వెనక కూడా నోడ్ ఉంటుంది, అది స్కాన్‌లోనే తెలుస్తుంది. ఫ్రోజెన్ మీద కూడా ఆధారపడరు, ప్రత్యేక రంగులతో చూసి రిపోర్ట్ రావడానికి రోజులు పడుతుంది.

పాజిటివ్ వస్తే? 2017లో వచ్చిన ఎం.ఎస్.ఎల్.టి.-2 ట్రయల్‌లో 1,900 మందికి పైగా చేరారు. సగం మందికి వెంటనే మిగతా నోడ్స్ తీశారు, సగం మందిని అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టి చూశారు. మూడేళ్ళకి మెలనోమాతో చనిపోకుండా ఉన్నవాళ్ళు రెండు వైపులా 86 శాతమే. వాపు మాత్రం తీసినవాళ్ళలో 24.1 శాతం, కనిపెట్టి చూసినవాళ్ళలో 6.3 శాతం. గజ్జలో నోడ్స్ తీయడం చంక కన్నా కష్టం, గాయం విచ్చుకోవడం, కాలు వాచడం ఎక్కువ. కాబట్టి ఇక్కడా కనిపెట్టి చూడటమే చాలామందికి మేలు.

ఆ మేలుకి ఒక షరతు ఉంది, జెడ్-0011లో లేనిది. కనిపెట్టి చూసినవాళ్ళలో మూడేళ్ళకి ఆ నోడ్స్‌లో క్యాన్సర్ రాకుండా ఉన్నది 77 శాతం, ముందే తీసినవాళ్ళలో 92 శాతం. అంటే కొంతమందికి తర్వాత గజ్జలో వస్తుంది, అప్పుడు తీయాలి. ట్రయల్‌లో మొదటి రెండేళ్ళు నాలుగు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి స్కాన్ చేశారు. అది తప్పకుండా వచ్చేవాళ్ళకే ఈ దారి. పుంగనూరు అవతల పల్లె నుంచి ఒక్కసారి వచ్చి మళ్ళీ రెండేళ్ళకి కనబడే మనిషికి ముందే తీయడం గురించి మాట్లాడటం తప్పేమీ కాదు. ఇంకో మాట, ఆ ట్రయల్స్‌లో ఉన్నవాళ్ళు ఎక్కువమంది తెల్లవాళ్ళు, అరికాలి మెలనోమా తక్కువ. కాబట్టి అంకెల్ని మనకి అలాగే అతికించలేం, దిశ మాత్రం అదే. పాజిటివ్ వచ్చినవాళ్ళలో చాలామందికి ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదకి తిప్పే ఇమ్యునోథెరపీ సలహా ఇస్తారు, అది ఖరీదైన మందు. దాని గురించి, ఏ పథకంలో ఎంత వస్తుందనే దాని గురించి నోడ్ పరీక్షకి ముందే కౌంటర్లో అడిగి పెట్టుకోండి.

స్విమ్స్‌కి వెళ్ళినా, అలిపిరి వైపు టాటా వాళ్ళ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్ళినా, చిత్తూరు నుంచి వేలూరు సి.ఎం.సి.కి వెళ్ళినా, చేతిలో ఉండాల్సినవి ఇవి: చంక లేదా గజ్జ గురించి విడిగా రాసిన స్కాన్ రిపోర్ట్, బయాప్సీ రిపోర్ట్, వీలైతే బయాప్సీ ముక్కల్ని మైనంలో దాచిన బ్లాకులు కూడా. సర్జన్‌ని అడగండి: రంగు ఒక్కటేనా, ప్రోబ్ కూడానా? నోడ్ దొరక్కపోతే అక్కడికక్కడే మొత్తం తీస్తారా, ఆగి నాతో మాట్లాడతారా? ఫ్రోజెన్ పాజిటివ్ వస్తే నేను మత్తులో ఉండగానే మిగతావి తీసేస్తారా? ఈ చివరిదానికి జవాబు ఒప్పుకోలు కాగితం మీద రాయించుకోండి. చాలా కాగితాల్లో "అవసరమైతే పూర్తి ఆక్సిలరీ క్లియరెన్స్" అని ముందే అచ్చు వేసి ఉంటుంది, చదవకుండా సంతకం పెట్టేస్తే ఒక్క పాజిటివ్ నోడ్‌కే చంక మొత్తం పోవచ్చు.